రెండింట్లోనూ హెపానే, మరి తేడా ఎక్కడ?

ప్రశ్న: బెంగళూరులో చిన్న బయోటెక్ స్టార్టప్‌లో పనిచేస్తున్నాను. ఇన్నాళ్లూ మా వర్టికల్ లామినార్‌లో మొక్కల కల్చర్, మామూలు ఈ.కోలై పని చేశాం. వచ్చే నెల నుంచి డోనర్ల రక్తం తెచ్చి తెల్లకణాలు వేరుచేసి పెంచాలి. బీఎస్‌సీ, అంటే బయోసేఫ్టీ క్యాబినెట్, కొనాలని అడిగితే మా సార్ "రెండింట్లోనూ హెపా ఫిల్టరే కదా, మనదానికి ముందు అద్దం కూడా ఉంది, ఇంకెందుకు?" అంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలి? ఒకవేళ కొంటే వాడకంలో ఏం మార్చుకోవాలి?

జవాబు:

ఆ లామినార్‌లో రక్తం ట్యూబు మూత తీయకండి. ముందు ఈ మాట మీ సార్‌కు చెప్పేయండి, కారణాలు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నేను చాలా ఏళ్లుగా బెంగళూరు ల్యాబుల్లో క్యాబినెట్లు టెస్ట్ చేసి సర్టిఫై చేసే పనిలో ఉన్నాను. వెళ్లిన ప్రతి చోటా తెల్లపెట్టె, ముందు అద్దం, లోపల ట్యూబ్‌లైటు కనిపిస్తే చాలు, దాన్ని "లామినార్" అనే పిలుస్తారు. బీఎస్‌సీని కూడా అలాగే పిలుస్తారు. పేరు ఒకటే అయ్యేసరికి పని కూడా ఒకటే అనుకుంటారు. మీ సార్ మాటలో సగం నిజం ఉంది. ఫిల్టరు నిజంగానే ఒకటే. ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే గ్రేడు హెపా రెండింట్లోనూ ఉండొచ్చు. తేడా ఫిల్టర్లో లేదు, గాలి మీ శాంపిల్‌ను తాకిన తర్వాత ఎటు వెళ్తుందనే దాంట్లో ఉంది.

లామినార్‌లో జరిగేది ఇది. ఫ్యాను గది గాలిని లాగి, హెపా గుండా నెట్టి, శుభ్రమైన గాలిని మీ ప్లేటు మీదికి పంపుతుంది. హారిజాంటల్ అయితే వెనక గోడ నుంచి, వర్టికల్ అయితే పైనుంచి. వేగం సాధారణంగా సెకనుకు 0.45 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ గాలి శాంపిల్‌ను దాటాక ఇంకెక్కడికీ పోయే దారి లేదు, ముందున్న సందులోంచి బయటికి, అంటే మీ ఛాతీ మీదికి, ముఖం మీదికి వస్తుంది. జలుబు చేసిన మనిషి వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఆ మనిషికి ఎదురుగా మనం కూర్చున్నట్టు. మీ ముందున్న అద్దం తుంపర్లు నేరుగా కళ్లలో పడకుండా కొంత ఆపుతుంది. కానీ గాలి అద్దం కిందనుంచే బయటికి వస్తోంది, మీ చేతులూ అక్కడే ఉన్నాయి. అరటి మొక్కల కల్చర్‌కు దీంతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ కాపాడాల్సింది మొక్కను, మనిషిని కాదు. మీడియా పోసుకోవడానికి, స్టెరైల్ బఫర్లు కలుపుకోవడానికి కూడా ఇదే సరైన పరికరం.

బీఎస్‌సీలో, అంటే మీరు కొనబోయే క్లాస్ 2 టైప్ ఏ2 రకంలో, గాలి దారి వేరు. అద్దం కింది సందు పొడవునా పని బల్ల అంచుకు చిల్లుల పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్రంట్ గ్రిల్ అంటాం. గది గాలి ముందు సందులోంచి లోపలికి వస్తుంది, కానీ పని బల్ల మీదికి రాదు. వచ్చీ రాగానే ఆ గ్రిల్‌లోకి దిగిపోతుంది. పైనుంచి హెపా దాటి దిగే శుభ్రమైన గాలి బల్లకు కొద్దిగా పైన రెండుగా చీలి, సగం ముందు గ్రిల్‌లోకి, సగం వెనక గ్రిల్‌లోకి పోతుంది. ఇదంతా బల్ల కిందుగా వెనక్కి వెళ్లి, పైకెక్కుతుంది. పైన దాదాపు 70 శాతం మళ్లీ ఒక హెపా దాటి లోపలికి దిగుతుంది, మిగతా 30 శాతం ఇంకో హెపా దాటి బయటికి పోతుంది. అంటే శాంపిల్‌ను తాకిన గాలి ఏదీ ఫిల్టరు దాటకుండా మీ దగ్గరికి రాదు.

ఇక్కడ ఒక లెక్క అర్థం చేసుకుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతట అవే అర్థమవుతాయి. పైనుంచి ఎంత గాలి బయటికి పోతే, సరిగ్గా అంతే గాలి ముందు సందులోంచి లోపలికి రావాలి, ఇంకెక్కడినుంచీ రాదు కాబట్టి. 4 అడుగుల క్యాబినెట్ అనుకోండి. సందు వెడల్పు 1.2 మీటర్లు, అద్దం తయారీదారు చెప్పిన ఎత్తులో, 20 సెంటీమీటర్ల దగ్గర ఉంది. సందు వైశాల్యం 0.24 చదరపు మీటర్లు. లోపలికి వచ్చే గాలి వేగం సెకనుకు 0.5 మీటర్లు కావాలంటే సెకనుకు 0.12 ఘనపు మీటర్ల గాలి పైనుంచి పోతుండాలి. ఇప్పుడు పెద్ద సీసా లోపల పెట్టడానికని ఎవరో అద్దాన్ని 40 సెంటీమీటర్లకు ఎత్తి, దించడం మర్చిపోయారు. పైనుంచి పోయే గాలి మారలేదు, సందు రెట్టింపయింది. కాబట్టి వేగం సగానికి, 0.25కు పడిపోయింది. అమెరికా ప్రమాణం ఎన్ఎస్ఎఫ్ 49 ఏ2కు కనీసం 0.51 అడుగుతుంది, యూరప్ ప్రమాణం ఈఎన్ 12469 కనీసం 0.40. మీది రెండింటికీ అందదు. అందుకే అద్దం ఎత్తితే అలారం మోగుతుంది. ఆ మోత విసుగొచ్చి అలారం వైరు పీకేసిన ల్యాబులు కూడా చూశాను.

సెకనుకు అర మీటరు అంటే ఎంత తక్కువో ఒకసారి ఆలోచించండి. మనిషి మామూలుగా నడిచే వేగం సెకనుకు మీటరుకు పైమాటే. అంటే మీ వెనకనుంచి ఒకరు చకచకా నడిచి వెళ్తే, వాళ్ల వెంట లేచే గాలి మీకు రక్షణగా ఉన్న గాలి తెర కంటే బలమైనది. తలుపు తెరవడం, స్ప్లిట్ ఏసీ ఊదడం, సీలింగ్ ఫ్యాన్ తిరగడం, అన్నీ అంతే. బీఎస్‌సీ ముందు భాగంలో గోడ లేదు, గాలి మాత్రమే ఉంది.

మీ సార్‌కు ఇంకో సందేహం రావచ్చు: "డోనర్లను టెస్ట్ చేసే తెస్తాం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ గాలిలో వచ్చేవి కావు కదా?" అవి ముఖ్యంగా సూది గుచ్చుకోవడం వల్ల, కళ్లలో నోట్లో చిమ్మడం వల్ల వచ్చేవే, ఆ మాట ఒప్పుకోవాలి. క్యాబినెట్ సూదిని ఆపదు. అందుకు గ్లోవ్స్, సూదుల డబ్బా, హెపటైటిస్ బీ టీకా కావాలి. టీకా ఇప్పుడే మొదలుపెట్టండి, మూడు డోసులు పూర్తవడానికి సుమారు 6 నెలలు పడుతుంది. కానీ రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, టెస్ట్ నెగెటివ్ అంటే ఇన్ఫెక్షన్ లేదని పూర్తి హామీ కాదు, కొత్తగా సోకిన రోజుల్లో టెస్టుకు దొరకదు. రెండు, రక్తంలో మీరు వెతకనివి ఉండొచ్చు. పశువుల నుంచి, మేకల నుంచి మనుషులకు వచ్చే బ్రూసెల్లా ఇందుకు మంచి ఉదాహరణ. ఈ బాక్టీరియా ల్యాబు సిబ్బందికి గాలి ద్వారా సోకుతుందని ప్రపంచమంతా తెలిసిన విషయం. మన ప్రాంతంలో పశుపోషణ ఎంత ఉందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక మీ పనిలో తుంపర్లు ఎక్కడ లేస్తాయో చూడండి. రక్తాన్ని ఫికాల్ అనే బరువైన ద్రవం మీద పొరగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మధ్య పొరను పిపెట్‌తో తీస్తారు. తిప్పిన ట్యూబు మూత తీసినప్పుడు, పిపెట్ చివర మిగిలిన చుక్కను బుడగలొచ్చేలా ఊదినప్పుడు, కణాలను మీడియాలో కలపడానికి గబగబా పైకీ కిందికీ లాగినప్పుడు కంటికి కనబడని తుంపర్లు పుడతాయి. పెద్దవి బల్ల మీద పడతాయి. చిన్నవి క్షణాల్లో ఆరిపోయి గాలిలోనే తేలుతుంటాయి. లామినార్‌లో అయితే ఇవన్నీ మీ ముఖం వైపు వస్తాయి. మాస్కు పెట్టుకుంటాం అంటారేమో. మాస్కు మీ ఒక్కరికి, గాలి గదిలో అందరికీ.

హెపా గురించి ఒక అపోహ కూడా తీర్చాలి, ఎందుకంటే మీ దగ్గర "ఫిల్టరు 0.3 మైక్రాన్లు, వైరస్ 0.1, మరి దాటిపోదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. హెపా జల్లెడ కాదు. సన్నని గాజు పీచు ఒత్తుగా పరిచిన చాప. కాస్త పెద్ద రేణువులు గాలితో పాటు మలుపు తిరగలేక పీచుకు కొట్టుకుని అతుక్కుపోతాయి. మరీ చిన్నవి గాలి అణువుల దెబ్బలకు అటూ ఇటూ ఊగుతూ పోయి ఏదో ఒక పీచుకు తగులుకుంటాయి. ఈ రెండింటికీ మధ్య పరిమాణంలో, 0.3 మైక్రాన్ల దగ్గర్లో ఉన్నవి పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. అందుకే ఫిల్టర్‌ను ఆ పరిమాణంలో పరీక్షించి 99.97 శాతం పట్టుకుంటుందని చెబుతారు. దానికంటే చిన్నవాటిని ఇంకా బాగా పట్టుకుంటుంది. హెపా పట్టలేనిది ఆవిరి. ట్రైజాల్, క్లోరోఫామ్, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఫిల్టర్‌లోంచి నేరుగా దాటిపోతాయి. ఏ2లో 70 శాతం గాలి లోపలే తిరుగుతుంది కాబట్టి ఆవిరి పేరుకుంటుంది, మిగతాది గదిలోకే వస్తుంది. ఆర్ఎన్ఏ తీసే పని ఉంటే కణాలను ట్రైజాల్‌లో కరిగించాక మిగతాది ఫ్యూమ్ హుడ్‌లో చేయండి.

మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడానికి సర్టిఫికెట్లు వెతకక్కర్లేదు. కుట్టుదారం 10 సెంటీమీటర్లు కత్తిరించి, అద్దం కింది అంచుకు టేపుతో వేలాడదీయండి. ఫ్యాన్ ఆన్ చేయండి. దారం మీ వైపు ఎగిరితే లామినార్. లోపలికి వాలితే బీఎస్‌సీ. ఆ తర్వాత ముందు గ్రిల్ ఉందా, పైన రెండో ఫిల్టరు ఉందా, నేమ్‌ప్లేటు మీద క్లాస్ 2 అని, ఏ ప్రమాణమో రాసి ఉందా చూడండి. కొందరు అగరుబత్తి వెలిగించి చూస్తారు. ఆ పొగ వేడిగా ఉంటుంది కాబట్టి దానంతట అదే పైకి పోయి తప్పుదారి పట్టిస్తుంది, మసి ఫిల్టర్‌కు పడుతుంది. దారమే మేలు.

కొన్న తర్వాతి సంగతి. ఇక్కడ వైట్‌ఫీల్డ్ వైపు ఒక ల్యాబులో జరిగింది చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. మంచి బీఎస్‌సీ కొన్నారు. అయినా కల్చర్ ఫ్లాస్కుల్లో ఫంగస్ వస్తూనే ఉంది, అది కూడా ఒకరిద్దరి ఫ్లాస్కుల్లోనే. ఫిల్టర్ లీకవుతోంది, మార్చాలి అని నన్ను పిలిచారు. ముందు ఫిల్టరే చూశాను. పీఏఓ అనే నూనెను సన్నని పొగమంచుగా ఫిల్టర్ పైకి పంపి, కిందనుంచి ఫోటోమీటర్ మూతిని అంగుళం అంగుళం తిప్పుతూ వెతుకుతాం. ఎక్కడైనా 0.01 శాతం దాటితే లీకు. ఎక్కడా రాలేదు, అంచు సీలు దగ్గర కూడా. పైనుంచి దిగే గాలి వేగం సరిగ్గానే ఉంది, లోపలికి వచ్చే గాలి 0.52 చూపించింది. కాగితం మీద ఆ క్యాబినెట్ పాస్.

అయితే టెస్ట్ చేసేటప్పుడు గదిలో ఏసీ ఆపి ఉంది. వాళ్లు పనిచేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే పెట్టమన్నాను. ఏసీ వేశారు, ఒకరిని కూర్చుని మామూలుగా పని చేస్తున్నట్టు చేతులు పెట్టమన్నాను. వేడి లేని పొగ వదిలి అది ఎటు పోతుందో చూసే పొగ పరీక్ష చేశాను. కుడివైపు, మధ్యలో పొగ చక్కగా గ్రిల్‌లోకి దిగుతోంది. ఎడమ మూల దగ్గర మాత్రం ఒక్కోసారి లోపలికి పోతోంది, ఒక్కోసారి బయటికి తన్నుకొస్తోంది. పక్క గోడమీద ఉన్న స్ప్లిట్ ఏసీ గాలి ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఆ మూలను కొడుతోంది. దానికి తోడు ఎడమవైపు గ్రిల్ మీద ప్రోటోకాల్ పుస్తకం తెరిచి పెట్టి ఉంది. కూర్చున్నావిడ కుర్చీ తక్కువ ఎత్తు కావడంతో మోచేతులు రెండూ గ్రిల్ మీదే ఆన్చి ఉన్నాయి.

ఆ మూడూ కలిసి ఏం చేస్తాయంటే, గ్రిల్ మూసుకున్న చోట లోపలికి వచ్చే గది గాలికి కిందికి దిగే దారి ఉండదు. అది పుస్తకం మీదుగా జారి నేరుగా బల్ల మీదికి, తెరిచిన ఫ్లాస్కుల మీదికి పోతుంది. అదే చోట లోపలి గాలి బయటికి కూడా పొంగుతుంది. శాంపిల్ పాడవడం, మనిషికి ప్రమాదం రెండూ ఒకే తప్పు వల్ల వస్తాయి. ఫంగస్ కనబడుతుంది కాబట్టి దాని గురించి ఫోన్ చేస్తారు. బయటికి వచ్చింది కనబడదు కాబట్టి ఎవరూ చేయరు.

కంటితో చూసింది వాళ్లకు నమ్మకం కలగడానికి అగర్ ప్లేట్లు పెట్టించాను. ఎడమ, మధ్య, కుడి, మూడు చోట్ల సబూరో డెక్స్‌ట్రోజ్ అగర్ ప్లేట్లు మూత తీసి అరగంట ఉంచి, ఏసీ వేసి, ఒకరు మామూలుగా పనిచేస్తుండగా వదిలేసి, తర్వాత 25 డిగ్రీల్లో 5 రోజులు పెట్టారు. ఎడమ ప్లేటులో ఫంగస్ కాలనీలు వచ్చాయి, మిగతా రెండూ ఖాళీ. ఒకరిద్దరి ఫ్లాస్కులే ఎందుకు పాడవుతున్నాయో అప్పుడు తేలింది, వాళ్లు ఎడమచేతివాటం వాళ్లు, ఫ్లాస్కులు అటువైపే తెరుస్తున్నారు. ఫిల్టర్ మార్చలేదు. ఏసీ గాలికి అడ్డంగా డిఫ్లెక్టర్ పెట్టి, క్యాబినెట్‌ను తలుపుకు దూరంగా గోడ వెంబడి జరిపి, ఎత్తు మార్చుకునే కుర్చీ తెప్పించారు. పుస్తకం పక్క గోడకు వెళ్లింది. జరిపిన తర్వాత మళ్లీ సర్టిఫికేషన్ చేయించారు, అది తప్పనిసరి. క్యాబినెట్‌ను కదిపితే ఫిల్టర్ సీలు కదలొచ్చు. ఆ తర్వాత అదే ప్లేట్ల పరీక్ష ఏసీ వేసి చేస్తే మూడూ ఖాళీగా వచ్చాయి.

మీరు క్యాబినెట్ పెట్టే చోటు కూడా ఇలాగే చూసుకోండి. తలుపు, నడిచే దారి, ఏసీ ఊదే వైపు, కిటికీ, వీటికి దూరంగా, గది చివర మూల మంచిది. ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ ఉంటే తీసేయించండి. "పని చేసేటప్పుడు ఆపుతాం" అనేది ఏప్రిల్ నెలలో నిలబడదు.

ఇక రోజూ చేసే పని. మొదట ఫ్యాన్ వేసి 5 నిమిషాలు ఆగండి. కావాల్సిన సామాను అంతా 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ముందే లోపల పెట్టండి, మధ్యలో చేతులు లోపలికీ బయటికీ తిప్పితే ప్రతిసారీ గాలి తెర చిరుగుతుంది. చేతులు పెట్టాక ఒక నిమిషం కదలకుండా ఉండండి. చేతుల చుట్టూ గాలి సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది. పని అంతా గ్రిల్‌కు కనీసం 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగి చేయండి. కుర్చీ ఎత్తు అద్దం అంచు మీ చంకల దగ్గరికి వచ్చేలా పెట్టుకుంటే ముఖం అద్దం వెనకే ఉంటుంది, మోచేతులు గ్రిల్‌ను తాకవు. చేతులు తిన్నగా లోపలికి, తిన్నగా బయటికి, పక్కలకు ఊపకుండా. లోపల ఒకవైపు శుభ్రమైనవి, మధ్యలో పని, రెండోవైపు వాడేసినవి. వాడేసిన టిప్పుల డబ్బా లోపలే ఉండాలి. అద్దం ముందు కవరు వేలాడదీసి టిప్పులు అందులో వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. అలా చేస్తే రక్తం అంటిన ప్రతి టిప్పూ ఆ సన్నని తెర దాటుకుని బయటికి వస్తుంది.

మొక్కల కల్చర్ నుంచి వచ్చిన వాళ్లకు ఒక అలవాటు మార్చుకోవడం కష్టమవుతుంది. హారిజాంటల్‌లో పని చేసేటప్పుడు ఫిల్టర్‌కూ ప్లేటుకూ మధ్య చేయి రాకూడదు. ఇక్కడ ఫిల్టర్ పైన ఉంది కాబట్టి తెరిచిన ఫ్లాస్కు మీదుగా చేయి పోనివ్వకూడదు. మూత తీసి బల్ల మీద పెట్టి దాని పైనుంచే ఇంకో సీసా అందుకోవడం, ఇదే నేను ఎక్కువగా చూసే తప్పు. మూతను కాస్త వంపుగా పక్కకు పట్టుకుని పని చేయడం అలవాటు చేసుకోండి.

స్పిరిట్ ల్యాంప్ గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎం.ఎస్సీ. చదువుల్లో అది చేతికి అలవాటైపోయింది. బీఎస్‌సీలో మంట వద్దు. వేడి గాలి పైకి లేచి దిగే గాలిని చెదరగొడుతుంది, ఫిల్టర్ అంటించిన జిగురును కరిగించొచ్చు, పక్కనే ఆల్కహాల్ చల్లి ఉంటే అంటుకుంటుంది. లోపల గాలి ఇప్పటికే శుభ్రంగా ఉంది, మంటతో ఫ్లాస్కు మూతి కాల్చాల్సిన అవసరం లేదు. లూప్ కావాలంటే వాడి పారేసేవి తెప్పించుకోండి.

యూవీ లైటు ఉంటే పనికి ముందు వేయడం తప్పు కాదు, కానీ దానిమీద ఆధారపడకండి. బల్బు మీద దుమ్ము పేరుకుంటే, గంటలు గడిచేకొద్దీ, బలం తగ్గిపోతుంది, నీలంగా వెలుగుతూనే ఉంటుంది. నీడ పడిన చోట పని చేయదు. తుడవడమే అసలు పని. మీ ఫ్లాస్కులు, మీడియా సీసాలు లోపల పెట్టి యూవీ వేసి రాత్రంతా వదిలేసే పద్ధతి ఉంటే మానేయండి, అది సామాను దాచుకునే బీరువా కాదు.

సెంట్రిఫ్యూజ్‌కు మూతలున్న బకెట్లు కొనండి, ట్యూబులు క్యాబినెట్ లోపలే బకెట్‌లో పెట్టి, తిప్పాక మళ్లీ లోపలే తీయండి. బీఎస్‌సీ ఎంత మంచిదైనా, ట్యూబు పగిలింది బయట సెంట్రిఫ్యూజ్‌లో అయితే ఏం లాభం? సూపర్‌నేటెంట్ లాగడానికి వ్యాక్యూమ్ వాడితే సీసాలో ముందే బ్లీచ్ పోసి ఉంచండి, సీసాకూ పంపుకూ మధ్య చిన్న హెపా ఫిల్టర్ పెట్టండి. లేకపోతే ఆ పంపు మీరు లోపల పట్టిన గాలినంతా గదిలోకి ఊదుతుంది.

రక్తం ఒలికితే ఫ్యాన్ ఆపకండి, అదే మిమ్మల్ని కాపాడుతోంది. టిష్యూ పేపర్ పరిచి, అదే రోజు కలిపిన బ్లీచ్‌తో, అంటే సుమారు 0.5 శాతం క్లోరిన్ ఉండేలా, తడిపి అరగంట ఆగండి. తీసేసి, నీళ్లతో తుడిచి, చివర్లో ఆల్కహాల్. నీళ్లతో తుడవకపోతే బ్లీచ్ స్టీలును తినేస్తుంది. గ్రిల్‌లోకి కారితే కింది ట్రేలో కూడా బ్లీచ్ పోయాలి. టిష్యూ ముక్కలు వెనక గ్రిల్ దగ్గర వదలకండి, ఫ్యాన్ వాటిని లోపలికి లాగేస్తుంది, తీయడానికి మాలాంటి వాళ్లను పిలవాలి.

బెంగళూరులో కరెంటు పోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాన్ ఆగిన క్షణం నుంచి అది ఒక తెరిచిన పెట్టె మాత్రమే. ముందు ట్యూబులకూ ఫ్లాస్కులకూ మూతలు పెట్టండి, అద్దం పూర్తిగా దించండి, తప్పుకోండి. కరెంటు వచ్చాక 5 నిమిషాలు నడిచిన తర్వాతే మళ్లీ చేయి పెట్టండి. జనరేటర్ ఉన్నా అది అందుకునే లోపు ఫ్యాన్ ఆగుతుంది, కాబట్టి కొనేటప్పుడే యూపీఎస్ లెక్కలో వేయించండి.

కొనే కాగితంలో ఏం రాయించాలో కూడా చెబుతాను. క్లాస్ 2 టైప్ ఏ2, ఎన్ఎస్ఎఫ్ 49 లేదా ఈఎన్ 12469 అనే మాట, పెట్టిన చోటే సర్టిఫికేషన్ చేసిస్తారనే మాట, ఆ తర్వాత ఏటా చేసే టెస్టు ధర. ఫ్యాక్టరీలో టెస్ట్ చేసిన కాగితం చాలదు, లారీలో వచ్చిన కుదుపులకు ఫిల్టర్ సీలు కదలొచ్చు, పైగా మీ గదిలో గాలి వాళ్ల ఫ్యాక్టరీలో లేదు. ముందు ప్యానెల్ మీద మాగ్నహెలిక్ గేజ్ ఉంటే మొదటి రోజు రీడింగ్ రాసి అతికించండి. అది ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి తేడా చూపిస్తుంది, గాలి వేగం కాదు. మెల్లగా పెరుగుతుంటే ఫిల్టర్ నిండుతోంది. హఠాత్తుగా పడిపోతే ఎక్కడో చిరిగిందో, ఫ్యాన్ తగ్గిందో, వెంటనే పని ఆపి పిలవండి.

ఫిల్టర్ మార్చే రోజు వస్తే, రక్తం పని జరిగిన క్యాబినెట్‌ను ముందు ఫార్మాల్డిహైడ్ లేదా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో లోపలంతా శుద్ధి చేయించాలి, ఆ తర్వాతే ఎవరైనా విప్పాలి. "పర్లేదు సార్, మాస్కు ఉంది" అని స్క్రూడ్రైవర్ తీసే టెక్నీషియన్ వస్తే, అతని మంచికోసమైనా, వెనక్కి పంపండి. పాత వర్టికల్ లామినార్‌ను అమ్మకండి, మీడియా పోయడానికి, మొక్కల పనికి అలాగే ఉంచుకోండి. దానిమీద పెద్ద అక్షరాల్లో "రక్తం, మనిషి కణాలు ఇక్కడ తెరవకూడదు" అని తెలుగు, కన్నడ, ఇంగ్లిష్ మూడింట్లోనూ రాసి అతికించండి.